పేరు చెప్పిన మరుక్షణమే మర్చిపోతున్నాను, ఏం చేయాలి?

"కొత్తవాళ్లను పలకరించి పేరు అడుగుతాను, చెప్తారు, రెండు నిమిషాల తర్వాత చూస్తే గుర్తుండదు. మళ్లీ అడగాలంటే మొహమాటం. మీరెలా గుర్తుపెట్టుకుంటారు?"

నాకూ చాలా ఏళ్లు ఇదే బాధ. జ్ఞాపకశక్తి తక్కువేమో అనుకునేదాన్ని గానీ అసలు సంగతి వేరు, ఆ పేరు నేను సరిగ్గా వినడమే లేదు. అవతలి మనిషి పేరు చెప్పే ఆ ఒక్క క్షణంలో నా ధ్యాసంతా 'ఇప్పుడు నేను చెప్పాలి, తర్వాత ఏం మాట్లాడాలి' అన్నదాని మీదే ఉండేది. 1973లో మాల్కమ్ బ్రెన్నర్ అనే సైకాలజిస్టు కొంతమంది చేత వంతులవారీగా పదాలు పైకి చదివించి చూశాడు. తమ వంతుకు సరిగ్గా ముందు పక్కవాళ్లు చదివిన పదాలు చాలామందికి గుర్తులేవు. పరిచయాల్లో జరిగేదీ అదే.

అందుకే నేను వరస మార్చాను. ముందు నా పేరు చెప్పేసి, ఒక క్షణం ఆగి, అప్పుడు వాళ్ల పేరు అడుగుతాను. ఇక నేను చెప్పాల్సింది ఏమీ మిగలదు కాబట్టి వినడం ఒక్కటే పని.

వినగానే ఆ పేరుతోనే ఏదో ఒకటి అడుగుతాను. ఒకసారి ఒక క్లాసులో పక్కన కూర్చున్నావిడను "శ్రావణి గారూ, మీరు ఎప్పట్నుంచి వస్తున్నారు?" అన్నాను. "శ్రావణి కాదండీ, శ్రావ్య" అని నవ్వింది. అప్పుడే పలికాను కాబట్టి తప్పు అక్కడికక్కడే తేలిపోయింది, లేకపోతే నెలల తరబడి తప్పు పేరుతోనే పిలిచేదాన్ని. దిద్దగానే "శ్రావ్య గారు" అని ఒకసారి సరిగ్గా అనాలి, లేకపోతే ముందు విన్న తప్పు పేరే నోట్లో నానుతుంది.

అయితే వెంటనే పలకడం ఒక్కటే చాలదు, అది విన్నదాన్ని తిరిగి అనడమే కదా. పేరు నిలబడేది కాస్త గ్యాప్ ఇచ్చి, ఎవరూ చెప్పకుండా మనంతట మనమే గుర్తుచేసుకున్నప్పుడు. మాటల మధ్యలో, ఒక నిమిషం తర్వాత, 'ఈవిడ పేరేంటి?' అని లోపలే అడుగుతాను. ఇంకాసేపటికి మళ్లీ. వెళ్లేటప్పుడు పేరు పెట్టి "వస్తానండీ" అంటాను. మొత్తం మీద పైకి రెండు మూడుసార్లు చాలు, ప్రతి మాటకూ పేరు తగిలిస్తే అవతలివాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది.

మధ్యలో గుర్తురాకపోతే అప్పుడే అడిగేయండి, "మీ పేరు సరిగ్గా వినలేదు, మళ్లీ చెప్తారా" అని. మొదటిరోజు అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, మూడోసారి కలిసినప్పుడు అడగడమే కష్టం.

ఐదారుగురు ఒకేసారి పేర్లు చెప్పేచోట మాత్రం ఇది పనిచేయదు. అక్కడ నేను ఇద్దరి పేర్లే పట్టుకుంటాను, మిగతావాళ్లను తర్వాత విడివిడిగా కలిసినప్పుడు అడుగుతాను.