చామనచాయకు ఎంత లేత బ్రౌన్ దాకా వెళ్ళొచ్చు?

"నాది కొంచెం పసుపు కలిసిన చామనచాయ. జుట్టు బాగా నలుపు. అనంతపురంలో ఉంటాను. బ్రౌన్ కలర్ వేయించుకోవాలని ఉంది, కానీ జుట్టు వేరే మొహం వేరే అన్నట్టు కనబడకూడదు. పార్లర్‌లో ఏ షేడ్ అడగాలి?"

4.35 అడగండి. చాక్లెట్ బ్రౌన్‌లో బంగారు ఛాయ, కొద్దిగా మెహగనీ కలిసిన రంగు అది. కర్నూలులో నా పార్లర్‌కు మీ చాయ ఉన్నవాళ్ళు చాలామంది వస్తారు, వాళ్ళకు నేను ముందు చూపించేది ఇదే.

చుక్కకు ముందున్న అంకె జుట్టు ఎంత లేతగా ఉంటుందో చెబుతుంది. 1 అంటే నలుపు, 10 అంటే బాగా లేత రంగు. మన జుట్టు మామూలుగా 1, 2 మధ్య ఉంటుంది. చుక్క తర్వాతి అంకెలు ఛాయను చెబుతాయి. చాలా బ్రాండ్లలో 3 అంటే బంగారు, 4 అంటే రాగి, 5 అంటే మెహగనీ, 1 అంటే యాష్. కొన్ని బ్రాండ్లలో ఈ అంకెలు మారతాయి కాబట్టి షేడ్ కార్డులో రంగు వేసిన కుచ్చును చూసే ఖాయం చేసుకోండి.

జుట్టు వేరే మొహం వేరే అనిపించేది ఎక్కువగా ఆ మొదటి అంకె వల్లే. 4 దాకా కనుబొమలు, కళ్ళు, జుట్టు ఒకే కుటుంబంలా ఉంటాయి. 6 దాటితే నల్లటి కనుబొమలు విడిగా నిలబడతాయి, మొహం ఉన్నదానికంటే నలుపుగా కనిపిస్తుంది. పైగా నల్ల జుట్టును లేతచేసే కొద్దీ లోపలున్న ఎరుపు, నారింజ రంగులు బయటికొస్తాయి. వాటిని అణచడానికి యాష్ వేస్తారు. దాని నీలి బూడిద ఛాయ పసుపు చాయ పక్కన మొహాన్ని వాడిపోయినట్టు చేస్తుంది. 4.35లో ఆ ఎరుపుతో పోరాటం ఉండదు, అది రంగులోనే కలిసిపోతుంది.

మా పిన్ని కూతురుది అచ్చం మీరు చెప్పిన చాయే, జుట్టుకు అంతకుముందు ఏమీ వేయలేదు. తనకు 4.35 క్రీమ్ ఒక వంతు, రంగును తేల్చే 20 వాల్యూమ్ డెవలపర్ ఒకటిన్నర వంతు కలిపాను. (ఈ పాళ్ళు బ్రాండును బట్టి మారతాయి, ట్యూబుతో వచ్చే కాగితంలో ఉన్నదే లెక్క.) ముందు మాడు దగ్గర ఒక అంగుళం వదిలేసి మధ్య నుంచి కొసల దాకా పూశాను, చివర్లో కుదుళ్ళకు పూశాను. మాడు వేడికి కుదుళ్ళ దగ్గర రంగు త్వరగా తేలుతుంది. అన్నిచోట్లా ఒకేసారి పూస్తే కుదుళ్ళు నారింజగా మెరుస్తాయి, కొసలు నల్లగానే ఉండిపోతాయి. మీరు భయపడుతున్న తేడా అక్కడే మొదలవుతుంది. పార్లర్‌లో ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి.

20 వాల్యూమ్‌తో నల్ల జుట్టు మీద పూర్తి 4 రాదు, 3కూ 4కూ మధ్య ఎక్కడో ఆగుతుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తనది దాదాపు నలుపే అనిపించింది. మిద్దె మీదికి తీసుకెళ్ళి ఎండలో చూస్తే బ్రౌన్ చక్కగా తేలింది, బుగ్గల రంగుతో కలిసిపోయింది. మన ఎండలకు ఆ మాత్రం చాలు. పార్లర్ లైట్ల కింద చాలట్లేదని 30 వాల్యూమ్ అడక్కండి, బయటికొచ్చాక అది రాగి రంగులో కొట్టొచ్చినట్టు ఉంటుంది.

ఎండకు, ఉప్పు నీళ్ళకు ఏ బ్రౌన్ అయినా రానురాను ఎరుపెక్కుతుంది. మీ ఇంట్లో బోరు నీళ్ళయితే తలస్నానం ఆఖరున ఫిల్టర్ నీళ్ళు ఒక చెంబు పోసుకోండి. ఎలాగూ ఎరుపెక్కుతుంది కాబట్టే నేను 4.4 లాంటి రాగి ఛాయలు మొదట్లోనే వద్దంటాను. అవి ఎర్రబడితే ఇక మొహం మీదికే వస్తాయి.

ఇంతకుముందు గోరింటాకు పెట్టి ఉంటే పార్లర్‌లో దాచకండి. ఆకు రంగు జుట్టులో ఉండగా దాని మీద బ్రౌన్ ఇంకా ఎర్రగా తేలుతుంది. నల్ల హెన్నా పొడులు వాడి ఉంటే ఇంకా జాగ్రత్త. కొన్నింటిలో లోహపు లవణాలుంటాయి, డెవలపర్ తగిలితే జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు. చెవి వెనక నుంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించి, కలిపిన రంగులో ముందుగా ముంచి చూడమనండి. రంగు ఎలా తేలుతుందో, జుట్టు తట్టుకుంటుందో లేదో దాంట్లోనే తెలిసిపోతుంది. అలర్జీ పరీక్ష వేరే. రంగు వేసే రోజుకు 48 గంటల ముందు మోచేతి మడతలో కొంచెం పూసి చూడాలి. దురద గానీ ఎరుపు గానీ వస్తే ఆ రంగు వేయించుకోవద్దు.