ఇన్వాయిస్ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు అడ్వాన్స్ ట్యాక్స్ లెక్క ఎలా?

ప్రశ్న: సార్, విజయవాడలో ఉంటూ మూడేళ్లుగా ఫ్రీలాన్స్‌గా గ్రాఫిక్ డిజైన్ చేస్తున్నాను. ఒక నెల లక్షన్నర వస్తుంది, తర్వాత రెండు నెలలు ఏమీ రాదు. నిరుడు ఖర్చులు పోను 6 లక్షలే మిగిలాయి, పన్ను పడలేదు. 2025-26లో ఒక పెద్ద కంపెనీ పని దొరికింది. ఇప్పటికి 7 లక్షలు వచ్చాయి, ఏడాదికి 18 లక్షలు రావచ్చు. ఖర్చులు 3 లక్షలు ఉంటాయి. జూన్‌లో ఏమీ కట్టలేదు. ప్రతి బిల్లులో 30 శాతం పక్కన పెట్టమని ఫ్రెండ్ అంటున్నాడు. అలా చేస్తే అద్దెకు కూడా మిగలడం లేదు. సెప్టెంబరు 15కి ఎంత కట్టాలి?

జవాబు: 30 శాతం మీకు అక్కర్లేదు. పన్ను వేసేది బిల్లు మీద కాదు, ఖర్చులు పోను మిగిలిన లాభం మీద. అదీ శ్లాబుల వారీగా.

18 లక్షల్లో 3 లక్షలు తీసేస్తే లాభం 15 లక్షలు. కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20,000, ఆపై 4 లక్షలకు 10 శాతం చొప్పున 40,000, మిగిలిన 3 లక్షలకు 15 శాతం చొప్పున 45,000. మొత్తం 1,05,000. దాని మీద 4 శాతం సెస్ కలిపితే 1,09,200. నిరుడు పన్ను పడకపోవడానికి కారణం 7 లక్షల లోపు ఆదాయానికి దొరికిన రిబేటు. 2025-26కి ఆ గీత 12 లక్షలకు పెరిగింది, అయినా ఈసారి మీరు దాన్ని దాటుతున్నారు. బ్యాంకు వడ్డీ ఉంటే అదీ ఈ ఆదాయంలో కలుస్తుంది.

ఇందులోంచి టీడీఎస్ తీసేయాలి. ఆ కంపెనీ ఏడాదిలో 4 లక్షలు ఇచ్చి 10 శాతం కోస్తుందనుకుంటే 40,000 అక్కడే జమ అవుతుంది. మీరు సొంతంగా కట్టాల్సింది 69,200. అయితే కంపెనీ కోసిందన్న మాట మీదే ఉండిపోవద్దు, ఫారం 26ASలో ఆ మొత్తం కనిపిస్తోందో లేదో ప్రతి గడువుకు ముందు చూసుకోండి. కోసి జమ చేయని క్లయింట్లు ఉంటారు.

సెప్టెంబరు 15కి 45 శాతం చేరాలి. అంటే 31,140 రూపాయలు. ఇప్పటిదాకా వచ్చిన 7 లక్షల్లో 5 శాతం పక్కన పెట్టి ఉంటే 35,000 ఉండేది, సరిపోయేది. అందుకే ఇకపై ప్రతి జమలో 5 శాతం వేరే ఖాతాలోకి పంపండి. ఇంకా రావాల్సిన 11 లక్షల్లో అది 55,000 అవుతుంది, మిగిలిన పన్నుకు సరిపోయి కొంత మిగులుతుంది. ఏడాది మధ్యలో అంచనా మారితే ఇంకా కట్టాల్సిన పన్నును ఇంకా రావాల్సిన బిల్లులతో భాగించండి, కొత్త శాతం వస్తుంది.

అంచనా మారుతుంది కూడా. డిసెంబరులో ఒక క్లయింటు వెనక్కి తగ్గి లాభం 14 లక్షలకు దిగిందనుకోండి. పన్ను సెస్‌తో 93,600, టీడీఎస్ పోను 53,600. డిసెంబరు 15కి 75 శాతం, అంటే 40,200 చేరాలి. ఇప్పటికే 31,140 కట్టారు కాబట్టి 9,060 చాలు. మార్చి 15కి మిగతా 13,400.

జూన్ సంగతికి టెన్షన్ పడకండి. వ్యాపార ఆదాయం మొదటిసారి వచ్చినవాళ్లకు, మరికొన్ని రకాల ఆదాయాలకు తప్ప, ముందు తెలియలేదనే మినహాయింపు చట్టంలో లేదు. కానీ గడువుకు తక్కువ కట్టినందుకు పడే వడ్డీని చివర్లో తేలిన పన్ను మీదే లెక్కిస్తారు. 53,600లో జూన్ వాటా 15 శాతం, అంటే 8,040. నెలకు 1 శాతం చొప్పున మూడు నెలలకు సుమారు 240 రూపాయలు. అంతే. దానికి భయపడి 30 శాతం దాచుకుంటూ అద్దెకు ఇబ్బంది పడడం నాకు బాధగా అనిపించింది.

ఖర్చుల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి. ఎక్కువమంది తప్పు చేసేది ల్యాప్‌టాప్ లెక్కలో. నవంబరులో 1,20,000 పెట్టి కొంటే మొత్తం ఖర్చు రాయకూడదు. కంప్యూటర్లకు తరుగుదల ఏడాదికి 40 శాతం, వాడింది 180 రోజుల కంటే తక్కువైతే అందులో సగం. అంటే ఈ ఏడాది 24,000 మాత్రమే. మొత్తం రాసుకుంటే లాభం 96,000 తక్కువగా కనిపించి, మార్చిలో కట్టేది తగ్గి, రిటర్న్ వేసేటప్పుడు వడ్డీతో తేలుతుంది. ఇంటి ఇంటర్నెట్ బిల్లులోనూ పనికి వాడిన భాగమే రాయండి.

లాయర్లు, డాక్టర్లు, ఇంజినీర్లు వంటి కొన్ని వృత్తులవాళ్లు రాబడిలో సగాన్ని లాభంగా చూపించి, మార్చి 15న ఒక్కసారే కట్టే వీలుంది. ఆ జాబితాలో గ్రాఫిక్ డిజైన్ పేరు లేదు. ఎవరో చెప్పారని అటు వెళ్లకుండా ముందు ఆడిటర్‌ను అడగండి.

కట్టేటప్పుడు ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో e-Pay Tax తెరిచి, Advance Tax (100) ఎంచుకోండి. 2025-26 ఆదాయానికి Assessment Year 2026-27 అని ఉండాలి. అక్కడ పొరపాటున 2025-26 నొక్కితే డబ్బు వేరే ఏడాది ఖాతాలో పడుతుంది, అది సరిచేయించుకోవడానికి మళ్లీ తిరగాలి.