కిరాణా కొట్టులో లాభం ఎక్కువ ఉన్న సరుకుకు సరైన చోటు కాటా పక్కనే

ప్రశ్న: గుణుపురంలో మాది కిరాణా కొట్టు. ఈ మధ్యే అడ్డంగా ఉన్న బల్ల తీసేసి, జనం లోపలికి వచ్చి చూసుకునేలా అరలు వేయించాం. వస్తున్నారు కానీ పప్పు, నూనె, చక్కెర తీసుకుని వెళ్లిపోతున్నారు. వాటి మీద మిగిలేది తక్కువ. మిగులు ఎక్కువ ఉన్న సరుకు కూడా కొనేలా కొట్టు ఎలా సర్దాలి?

జవాబు:

పర్లాకిమిడిలో మాదీ అలాంటి కొట్టే. వెడల్పు పది అడుగులు, లోతు ఇరవై దాటదు. రోజూ కావాల్సిన సరుకును వెనక గోడకు పెట్టి, దారి పొడవునా ఖరీదైనవి పెట్టమని మీకు చాలామంది చెప్పే ఉంటారు. పెద్ద సూపర్ మార్కెట్లలో అది పనిచేస్తుంది. ఇరవై అడుగుల కొట్టులో ఆ చివరికి చేరడానికి పది సెకన్లు పట్టదు, ఆ కాస్త నడకలో ఎవరూ అటూ ఇటూ చూడరు. పైగా పాతిక కిలోల బియ్యం బస్తాను వెనక నుంచి వాకిలి దాకా మోసుకురావాల్సింది మీ కుర్రాడే.

మన కొట్లలో చూడాల్సింది మనిషి ఎక్కడ నడుస్తున్నాడని కాదు, ఎక్కడ నిలబడుతున్నాడని. విడి సరుకు అమ్మే చోట అలా నిలబడేది రెండు చోట్లే: కాటా ముందు, గల్లా ముందు. పప్పు తూచి, సంచిలో పోసి, మూతి కట్టేలోపు కొనేవారికి వేరే పని ఉండదు. కళ్లు ఖాళీగా ఉంటాయి. ఆ సమయంలో ఎదురుగా ఏం కనబడుతోందన్నదే అసలు విషయం. చాలా కొట్లలో అక్కడ కనబడేది పాత క్యాలెండరు, ఖాళీ గోనెసంచులు.

అక్కడ ఏం పెట్టాలో తేల్చేటప్పుడు మిగులును శాతంలో చూడకండి, రూపాయల్లో చూడండి. అదీ ఒక్క ప్యాకెట్ మీద కాకుండా, ఆ అర మీద నెలకు ఎంత వచ్చిందని చూడాలి. జీడిపప్పు మీద శాతం బాగుంటుంది, నెలకు నాలుగు ప్యాకెట్లు కదిలితే ఆ అర దండగే. కాటా పక్కన పెట్టే సరుకు తూస్తున్న దానితో కలిపి వాడేది అయి ఉండాలి. ధర కూడా కొనేవారు లెక్క వేసుకోకుండా చేయి చాపేంత ఉండాలి. మా దగ్గర ఆ గీత ఇరవై రూపాయలు.

మా కొట్టులో బాగా కుదిరిన సరుకు పంచ ఫుటణ. ఒడియా ఇళ్లలో పప్పూ కూరగాయలూ కలిపి వండే డాల్మా పోపుకు అది లేనిదే కుదరదని మీకు తెలియనిది కాదు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, కలోంజి సమపాళ్లలో కలుపుతాం. కలిపిన దినుసు మాకు కిలో రెండు వందల లోపు పడుతుంది. అంటే యాభై గ్రాములకు పది రూపాయలు, కవరుకు, లేబుల్‌కు ఇంకో రూపాయిన్నర. అమ్మేది పద్దెనిమిదికి, కాబట్టి చేతికి ఆరున్నర మిగులుతుంది. కిలో కందిపప్పు తూచి ఇస్తే మిగిలేదీ దాదాపు అంతే. పప్పు కొన్నవారు ఆ చిన్న ప్యాకెట్ కూడా తీసుకుంటే, ఒకే మనిషి మీద మిగులు రెట్టింపవుతుంది. అది కాటా పక్కకు రాకముందు మసాలాల వరుసలో ఉండేది, అడిగినవారే కొనేవారు. తెలుగు ఇళ్లవారికి పక్కనే ఇంగువ, ఎండుమిర్చి, సాంబారు పొడి పెట్టాం. అంతకుమించి అక్కడ ఏమీ పెట్టకండి. ఐదారు రకాలు దాటితే కంటికి ఏదీ ఆనదు.

ఇలా ముందే కట్టిపెట్టిన ప్యాకెట్ మీద సరుకు పేరు, నికర తూకం, కట్టినవారి పేరు, చిరునామా, కట్టిన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. తినే సరుకు కాబట్టి మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ఎప్పటిలోగా వాడాలో కూడా వేయాలి. ఈ బెడద వద్దనుకుంటే గాజు సీసాలో పోసి పెట్టి, అడిగినప్పుడు ఎదుటే తూచి ఇవ్వండి. సీసాలో అది రంగురంగులుగా కనబడుతుంది కాబట్టి చూపుకూ మంచిదే. ఒకేసారి ఎక్కువ కలపకండి, నిల్వ ఉండేకొద్దీ వాసన తగ్గుతుంది.

ఇక ఎత్తు సంగతి. అరలు చేసే వడ్రంగి తన ఎత్తుకు తగ్గట్టు చేస్తాడు. మన దగ్గర కొనేది ఎక్కువగా ఆడవాళ్లు, చాలామంది ఐదడుగులకు అటూ ఇటూ ఉంటారు. కళ్లు నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంటాయి, మామూలుగా నిలబడితే చూపు కాస్త కిందికే వాలుతుంది. కాబట్టి విలువైన చోటు మూడున్నర నుంచి నాలుగున్నర అడుగుల మధ్య ఉండే అర. ఐదడుగుల పైన పెట్టింది మీకు కనబడుతుంది, వారికి కనబడదు. అందరూ అడిగి తీసుకునే ఉప్పు, అగ్గిపెట్టెలు కింది అరలోకి దించండి, వాటి కోసం ఎలాగూ వంగుతారు. అయితే వంగే చోట వెనక నుంచి ఇంకొకరు రాసుకుంటూ పోయేంత ఇరుకు ఉండకూడదు. అలా తగిలితే ఆడవాళ్లు చూస్తున్నది వదిలేసి లేచి వెళ్లిపోతారు. దారి మూడడుగులకు తగ్గితే అక్కడ నిదానంగా ఎంచుకునే సరుకు పెట్టవద్దు.

పెట్టిన చోటు సరైనదో కాదో ముందు వేలితో తెలుసుకోవచ్చు. ప్యాకెట్ పైభాగం మీద వేలు రాయండి, దుమ్ము అంటితే దాన్ని ఎవరూ తాకడం లేదు. మరీ బారుగా, గోడ కట్టినట్టు పేర్చినా తాకరు, చెదిరిపోతుందని సంకోచిస్తారు. ముందు వరుసలో రెండు మూడు తీసేసి ఉంచండి. అసలు లెక్కకు మాత్రం కాగితం కావాలి: పది కిలోల పప్పుకు ఎన్ని పోపు ప్యాకెట్లు పోయాయో రాసుకోండి. చోటు మార్చాక వచ్చిన లెక్కను ముందటి నెల అదే వారంతో పోల్చండి. జీతాలు వచ్చే మొదటి వారాన్ని నెలాఖరుతో పోలిస్తే ఏ అర అయినా గొప్పగానే కనబడుతుంది. మార్గశిర గురువారాలను ఈ లెక్కలో కలపకండి. ఆ నెలలో లక్ష్మీపూజకు ఒడియావారూ మనవారూ కొంటారు. అగరుబత్తులు, కర్పూరం, ఒత్తులు, పసుపు, కుంకుమ, ముగ్గుకు బియ్యప్పిండి అన్నీ ఒకే పళ్లెంలో గల్లా పక్కన పెట్టండి. అగరుబత్తుల మీద మిగులు నూనె మీద కంటే చాలా నయం.

గల్లా దగ్గర పిల్లల చాక్లెట్లు పెట్టమని ఏజెంట్లు వెంటపడతారు. వాటి మీద ముక్కకు వచ్చేది పైసలే. చిల్లర లేనప్పుడు అక్కరకొస్తాయని ఒక డబ్బా ఉంచుకోండి, చాలు.

ఈ సర్దుబాటు అంటని ఖాతాదారులు కొందరుంటారు. నెలవారీ చీటీ ఇచ్చి కుర్రాడిని పంపేవారు కొట్టును చూడనే చూడరు. మా వ్యాపారంలో వారి వాటా తక్కువేమీ కాదు. వారి సరుకు కట్టేటప్పుడు చీటీలో పప్పు ఉండి పోపు దినుసులు లేకపోతే ఫోను చేసి అడుగుతాం. అడగకుండా సంచిలో వేసి ఖాతాలో రాస్తే ఒకటి రెండు నెలలు ఊరుకుంటారు, మూడో నెల చీటీ ఎదురు కొట్టుకు వెళ్తుంది.