‘పాలు’ ఒకే మాటా, రెండు మాటలా?

నిఘంటువులో ఒక మాటకు కొన్నిసార్లు ఒకే ఆరోపం, అంటే ఒకే తలమాట కింద చాలా అర్థాలు ఇస్తారు, కొన్నిసార్లు 1, 2 అని విడగొడతారు. ఎలా నిర్ణయిస్తారు?

అర్థం ఒక్కటే చూస్తే చాలదు, వాక్యంలో మాట నడకను కూడా చూస్తారు. ‘పాలు’ తీసుకోండి. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే: ‘పాలు విరిగిపోయాయి’ అంటాం, ‘విరిగిపోయింది’ అనం. వాటా అనే అర్థంలో మాత్రం అది ఏకవచనం, ‘ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక’ అన్నప్పుడు బహువచనం విడిగా కనిపిస్తుంది కూడా. విభక్తి చేరితే తేడా ఇంకా తేలిపోతుంది, ‘పాలలో’ ఒకటి, ‘నా పాలికి వచ్చింది’ ఇంకొకటి. ద్రావిడ మూలాలు కూడా వేరే. కాబట్టి రెండు ఆరోపాలు, అనుమానం లేదు.

మరి ‘ఇల్లు అగ్ని పాలైంది’? ఇక్కడ ఇసుకా లేదు, పంపకమూ లేదు. కానీ వాటాగా దక్కడం నుంచి వశమైపోవడం దాకా అర్థం ఒక్కో అడుగే జరిగింది, ఆ దారి ఇప్పటికీ కనిపిస్తుంది. అందుకే అది మూడో మాట కాదు, రెండోదాని కిందే ఇంకో అర్థం. దీన్నే నానార్థం అంటారు.

చిక్కు ఎక్కడంటే, చరిత్ర ఒకటి చెప్పి జనం మనసు ఇంకొకటి చెప్పినప్పుడు. ఇంగ్లిష్‌లో చెవినీ ధాన్యపు కంకినీ ‘ఇయర్’ అనే అంటారు. చాలామందికి అది ఒకే మాటలా అనిపిస్తుంది, పాత ఇంగ్లిష్‌లో మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. చరిత్రను నమ్మే నిఘంటువు విడగొడుతుంది, నేటి వాడుకనే కొలతగా పెట్టుకున్నది కలిపేయొచ్చు. నా ఓటు వ్యాకరణానికే, ఎందుకంటే దాన్ని ఎవరైనా వాక్యంలో పెట్టి సరిచూసుకోవచ్చు.