ఒకరి లెక్కలో వచ్చిన కర్మ రుణ సంఖ్య ఇంకొకరి లెక్కలో ఎందుకు రాదు?

“మా అబ్బాయి 15-7-1992న పుట్టాడు, సంబంధాలు చూస్తున్నాం. న్యూమరాలజీ చెప్పే ఒకాయన 16 వచ్చింది, కర్మ రుణం, పెళ్లి నిలబడడం కష్టం అన్నారు. ఇంకొకాయన 34 వచ్చింది, రుణమేమీ లేదన్నారు. ఇద్దరూ చివరికి 7 అనే అన్నారు. మరి 16 ఉన్నట్టా, లేనట్టా?”

ఇద్దరి కూడికా సరైనదే అండీ. తేడా ఎలా కూడారన్న దాంట్లో ఉంది.

16 అన్నాయన తేదీ, నెల, సంవత్సరం మూడింటినీ విడివిడిగా ఒక్కో అంకెకు తెచ్చుకుని తర్వాత కలిపారు. 15 అంటే 6. నెల 7. 1992లో అంకెలు కూడితే 21, అంటే 3. ఈ మూడూ కలిపితే 16, చివరికి 7. రెండో ఆయన అంకెలన్నీ వరసగా కూడేశారు: 1+5+7+1+9+9+2, మొత్తం 34, అదీ చివరికి 7. 15, 7, 1992 సంఖ్యల్ని అలాగే కలిపేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు 2014 వస్తుంది, దాని అంకెలు కూడితే నేరుగా 7. ఏ దారిన వెళ్ళినా చివరి అంకె మారదు, ఎందుకంటే అది తొమ్మిదితో భాగిస్తే మిగిలేదే. మారేదల్లా చివరి అంకెకు ముందు వచ్చే మొత్తం. పోయిన జన్మ తప్పులకు ఈ జన్మలో తీర్చాల్సిన అప్పని చెప్పే కర్మ రుణ సంఖ్యలు 13, 14, 16, 19. వాటిని వెతికేది ఆ మధ్య మొత్తంలోనే. (తారీఖే 13, 14, 16, 19 అయినా రుణం అంటారు. మీవాడిది 15 కాబట్టి ఆ గొడవ లేదు.)

ఇంకో సంగతి కూడా చూడండి. అంకెలన్నీ వరసగా కూడే పద్ధతిలో 1971 నుంచి 1999 దాకా పుట్టినవాళ్ళలో ఒక్కరికి కూడా మొత్తంలో ఈ నాలుగు సంఖ్యలు రావు. 1971లో అంకెల మొత్తమే 18. తేదీకి, నెలకి కనీసం ఒక్కొక్కటి వేసినా 20 అవుతుంది, 19 దాటిపోయినట్టే. 1980కీ అంతే. అదే 2004లో పుట్టిన పిల్లలకైతే సంవత్సరం మొత్తం 6 మాత్రమే, అందుకని వాళ్ళకు తరచుగా వస్తాయి. ఒక తరం మొత్తానికి రుణం లేకుండా పోయి, వాళ్ళ పిల్లలకు మాత్రం చుట్టుకుందని అనుకోగలమా?

విడివిడిగా కూడే పద్ధతిలో పరిస్థితి తలకిందులవుతుంది. 1 నుంచి 9 దాకా మూడు అంకెలు పెట్టి చేయగల కూడికలు 729. వాటిలో 222 కూడికలు ఈ నాలుగింటిలో ఏదో ఒక దానికి చేరతాయి. సుమారుగా పదిమందిలో ముగ్గురన్నమాట. దానికి తారీఖులో వచ్చేవి, పేరులో వచ్చేవి కూడా కలిపితే రుణం లేని ఇల్లు దొరకడమే కష్టం.

ఇదంతా నేను కూర్చుని నేర్చుకున్నది మా చెల్లి లలిత పెళ్లి సంబంధాలప్పుడు. దానిది 27-8-1991. అమ్మ ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే 9, 8, 2 వేసి 19 అని ఎర్ర స్కెచ్ పెన్నుతో గుండ్రంగా చుట్టి ఇచ్చారు. పోయిన జన్మలో అధికారం చేతిలో ఉండగా పదిమందినీ అణిచింది, ఈ జన్మలో ఎవరి ఆసరా లేకుండా ఒంటరిగా నిలబడాలి అన్నారు. అమ్మ ఆ కాగితం మడిచి బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకుంది. ఆ తర్వాత చెల్లి ఏం చేసినా అందులోంచే చూసేది. ఉద్యోగానికి వేరే ఊరు వెళ్తానంటే “అదిగో పంతొమ్మిది” అనేది. ఒక సంబంధం తనకు నచ్చలేదంటే అదీ పంతొమ్మిదే.

నాలుగు నెలల తర్వాత అమ్మే చెల్లిని ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయనది పేరు అక్షరాలకు విలువలు వేసే కాల్డియన్ పద్ధతి. మన దగ్గర పేరు దిద్దేవాళ్ళలో చాలామంది వాడేది ఇదే. LALITHAకి 3, 1, 3, 1, 4, 5, 1 వేస్తే 18 వచ్చింది. 18 మంచిది కాదు, చివర ఇంకో A చేర్చి LALITHAA అని రాయండి, 19 అవుతుంది, సూర్యుడి సంఖ్య, అదృష్టం అన్నారు. పుట్టిన తేదీ కూడా వరసగా కూడి 37 అని చెప్పి, అదీ చాలా మంచిదే అన్నారు. అమ్మ బీరువాలోంచి పాత కాగితం తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. ఒకదాంట్లో తీర్చుకోవాల్సిన అప్పు 19, రెండోదాంట్లో కొని తెచ్చుకోవాల్సిన భాగ్యం 19.

ఇద్దరూ తమ తమ పద్ధతి ప్రకారం తప్పు చెప్పలేదు. చేతిరేఖలు, సంఖ్యలు చూసి జోస్యం చెప్పిన కీరో పేరుతో మనకు వచ్చిన కాల్డియన్ సంప్రదాయంలో 19 శుభం, 16 మాత్రం కూలిపోయే కోట. పైథాగరస్ పేరు పెట్టుకున్న పాశ్చాత్య పద్ధతిలో నాలుగూ రుణాలే. అక్కడ సంఖ్యలోని రెండు అంకెల్ని, వాటి మొత్తాన్ని కలిపి కథ అల్లుతారు. 13లో ఒకటి అంటే నేను, మూడు అంటే సరదా, మొత్తం నాలుగు అంటే చాకిరీ. అప్పుడు పని ఎగ్గొట్టావు, ఇప్పుడు చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయాల్సి వస్తుంది అంటారు. 14 స్వేచ్ఛను దుర్వినియోగం చేసినదానికి, ఇక మితంగా ఉండు అంటారు.

మీకు కావలసింది 16 కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుదాం. ఒకటి అహం, ఆరు ఇల్లూ ప్రేమా, రెండూ కలిస్తే ఏడు, అంటే ఏకాంతం. ప్రేమ విషయంలో అహంకారంతో ఎవరికో అన్యాయం చేశావు, అందుకే కట్టుకున్నది కూలుతుంది, కూలాక లోపలికి చూసుకోవడం నేర్చుకుంటావు అని చెబుతారు. దీని వెనక జోస్యం చెప్పడానికి వాడే టారో చీట్ల బొమ్మ కూడా ఉంది. పదహారో చీటీలో పిడుగు పడి గోపురం మీది కిరీటం ఎగిరిపోతుంది, ఇద్దరు మనుషులు కిందికి పడుతుంటారు. “పెళ్లి నిలబడదు” అన్న మాట ఈ బొమ్మ నీడలోంచే వచ్చి ఉంటుందని నా అభిప్రాయం. పద్నాలుగో చీటీలో దేవదూత ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్ళు పోస్తూ ఉంటుంది, పేరే మితం, అదీ సరిపోయింది. కానీ పదమూడో చీటీ మృత్యువు, దానికీ సోమరితనానికీ పొత్తు కుదరదు. పంతొమ్మిదో చీటీ సూర్యుడు, చీట్లన్నిటిలో సంతోషమైన వాటిలో ఒకటి. బొమ్మ కలిసిన చోట బొమ్మ, కలవని చోట అంకెలు వాడుకున్నారు.

మన ఇళ్ళలో భయం పెరగడానికి ఇంకో కారణం “రుణం” అన్న మాట. దేవ రుణం, ఋషి రుణం, పితృ రుణం మనం పుట్టినప్పటినుంచీ వినేవే కాబట్టి ఇదీ వాటి పక్కనే చేరిపోతుంది, శాంతి ఏమిటని అడుగుతాం. ఈ నాలుగు సంఖ్యల జాబితా జాతకశాస్త్రంలోది కాదు, పాశ్చాత్య న్యూమరాలజీది. ఆ పద్ధతి చెప్పే విరుగుడు కూడా నడవడిక మార్చుకోవడమే: 16కి అణకువ, 14కి క్రమశిక్షణ. ఉంగరం, హోమం ఎవరైనా చెబితే అవి బయటినుంచి చేర్చినవి.

కాబట్టి 16 మీ అబ్బాయిలో లేదండీ, ఒక కూడిక పద్ధతిలో ఉంది. ఈ సంఖ్యలు పెళ్లి భవిష్యత్తు చెప్పగలవని నేను నమ్మను, దాని మీద సంబంధం వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళ మనసు కుదుటపడకపోతే ఆ మొదటి ఆయన్నే మీ తేదీ, మీవారి తేదీ అదే పద్ధతిలో కూడమనండి. మా అమ్మ తేదీ నేను అలాగే కూడితే 13 వచ్చింది. అమ్మ చేసిన చాకిరీ మాకు తెలుసు, అందులో ఎగ్గొట్టిందేమీ లేదు. ఆ రోజు సాయంత్రమే పట్టుచీరల కిందున్న కాగితం తీసేసింది. చెల్లి ఇప్పటికీ ఒక్క A తోనే సంతకం పెడుతోంది.