పెద్ద క్లయింట్ పోయిన సంగతి టీమ్‌కి ఎలా చెప్పాలి?

ప్రశ్న: మేడమ్, ఎంబీఏ అయ్యాక ఉద్యోగంలో చేరి, నాలుగు నెలల క్రితమే టీమ్ లీడ్ అయ్యాను. మొత్తం పన్నెండు మందిమి. అందులో ఏడుగురు ఒకే క్లయింట్ పని చూస్తున్నారు. ఆ క్లయింట్ కాంట్రాక్ట్ రెన్యూ చేయడం లేదని, ఇంకా 60 రోజులే ఉందని నిన్న మేనేజర్ చెప్పారు. ముగ్గురు వెండర్ల పనిని ఒక్కరికే అప్పగిస్తున్నామని, ఆ మధ్య వాళ్ల సైట్ ఐదు గంటలు ఆగిపోవడం కూడా ఒక కారణమని మెయిల్‌లో రాశారట. ఆ రోజు సైట్‌లో మార్పు చేసింది మా టీమ్ కుర్రాడే. రేపు టీమ్‌కి నేనే చెప్పాలి. అందరూ అతన్నే అంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఎలా చెప్పాలి?

జవాబు: రేపు టీమ్ ముందుకు వెళ్లేలోపు, ఈరోజే మీ మేనేజర్‌తో ఇంకో పది నిమిషాలు కూర్చోండి. క్లయింట్ పనికి ఆఖరి తేదీ ఏది? క్లయింట్ రాసిన కారణాల్లో టీమ్‌కి చెప్పదగ్గవి ఏవి? ఆ ఏడుగురి సంగతి ఎవరు, ఎప్పటిలోగా తేలుస్తారు? ఈ మూడూ అడిగి రాసుకోండి. మూడోదానికి "చూద్దాం" అనే జవాబు వస్తే మాత్రం వదలకండి. నిర్ణయం ఇప్పుడు తెలియకపోయినా ఫర్వాలేదు, అది వచ్చే తేదీ తెలియాలి. ఆ తేదీ చెప్పలేకపోతే, మీటింగ్ అయిన గంటలోనే సగం మంది రెజ్యూమెలు బయటికి తీస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎవరినైనా తీసేయాలని ముందే నిర్ణయమైపోయి ఉంటే, ఆ మనిషికి హెచ్‌ఆర్ విడిగా చెప్పాకే మీ మీటింగ్ జరగాలి. పదిమంది మధ్య కూర్చుని తన ఉద్యోగం పోయిందేమోనని లెక్కలు వేసుకునే స్థితి ఎవరికీ రాకూడదు.

ఇక ఆ కుర్రాడు. మీటింగ్‌కి ఓ పావుగంట ముందు అతనితో ఒంటరిగా మాట్లాడండి. ముందు రోజు రాత్రే చెబితే ఆ బరువు రాత్రంతా అతనొక్కడే మోయాలి. అలాగని అందరితోపాటు వినాల్సి వస్తే, అందరి కళ్లూ తన మీదే ఉన్నప్పుడు అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. "నీ వల్ల కాదులే" అని మాత్రం అనకండి. ఆ ఔటేజీ ఒక కారణమని క్లయింటే రాశారు. ఆ మాట రేపు ఎలాగూ బయటికొస్తుంది. వచ్చినప్పుడు మీరు అబద్ధం చెప్పారని తేలుతుంది. ఇలా చెప్పొచ్చు: "వాళ్లు రెండు కారణాలు రాశారు. అందులో ఔటేజీ ఒకటి. మీటింగ్‌లో దాని మాట వస్తుంది. నీ పేరు నేను ఎత్తను, ఎవరైనా ఎత్తితే అక్కడే ఆపుతాను. నువ్వు సంజాయిషీ ఇవ్వక్కర్లేదు."

మీటింగ్ పొద్దున పెట్టండి. వారంలో ఆఖరి రోజు సాయంత్రం వద్దు, ప్రశ్నలన్నీ మనసులో పెట్టుకుని ఇంటికెళ్లి సెలవు రోజులంతా నలిగిపోతారు. పన్నెండు మందినీ ఒకేసారి పిలవండి. మిగతా ఐదుగురిని వదిలేస్తే వాళ్లకి సగం నిజం, సగం పుకారు చేరుతుంది. ఉపోద్ఘాతం వద్దు. మార్కెట్ పరిస్థితి గురించో, టీమ్ పడ్డ కష్టం గురించో రెండు నిమిషాలు మాట్లాడితే, మీరు అసలు సంగతికి వచ్చేసరికి వాళ్ల గుండెలు గొంతులోకి వచ్చేసి ఉంటాయి. మొదటి వాక్యంలోనే చెప్పేయండి. మేనేజర్ ఇచ్చిన తేదీ 18 అనుకుంటే, ఇలా:

"మన పెద్ద క్లయింట్ కాంట్రాక్ట్ రెన్యూ చేయడం లేదు. ఇంకా 60 రోజులు పని ఉంటుంది. వాళ్లు చెప్పిన కారణాలు రెండు: వెండర్లను తగ్గించుకుంటున్నారు, సైట్ ఆగిపోయిన సంఘటన కూడా చూశారు. ఈ ప్రాజెక్టులో ఉన్న ఏడుగురికి తర్వాత ఏ పని అన్నది ఇంకా తేలలేదు. 18వ తేదీలోగా చెబుతానని మేనేజర్ అన్నారు."

అంతవరకు చెప్పి ఆగండి. ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది, అయినా మాటలతో నింపకండి. అలా నింపబోయినప్పుడే "సేల్స్ వాళ్లు ముందే పసిగట్టాల్సింది" లాంటి మాటలు జారతాయి. "తప్పంతా నాదే" అనడం కూడా వద్దు. వినడానికి పెద్దమనసుగా ఉంటుంది కానీ, అప్పటినుంచి మీటింగంతా మిమ్మల్ని ఓదార్చడంతోనే సరిపోతుంది.

ఎవరో ఒకరు అడిగే తీరతారు: "ఆ రోజు సైట్ ఆగకపోతే ఉండేవాళ్లా?" తెలియనిదానికి తెలియదనే చెప్పండి. "వాళ్లు రెండు కారణాలు చెప్పారు, ఏది ఎంతన్నది నాకు తెలియదు. ఆ మార్పు రివ్యూ దాటి, టెస్టింగ్ దాటి సైట్‌లోకి ఎలా వెళ్లిందో వచ్చే వారం విడిగా గంట కూర్చుని చూద్దాం. ఈరోజు మనుషుల గురించి మాట్లాడుకోవద్దు." ఆ గంటకి మీరేం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఇంజనీర్లు బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అనేది ఇదే. 2012లో జాన్ ఆల్‌స్పా అనే ఇంజనీర్ ఎట్సీ కంపెనీలో తాము పాటించే పద్ధతి గురించి రాశాక దీనికి బాగా ప్రచారం వచ్చింది. అందులో అడిగే ముఖ్యమైన ప్రశ్న: ఆ పని చేస్తున్నప్పుడు అది సరైనదే అని ఆ మనిషికి ఎందుకు అనిపించింది? దానికి నిజాయితీగా జవాబు వెతికితే, రాత్రి పదకొండింటికి రివ్యూ చేయడానికి ఎవరూ లేరనో, టెస్ట్ సర్వర్ అసలు సర్వర్‌లా లేదనో బయటపడుతుంది. వార్త చెప్పిన రోజే ఈ చర్చ పెడితే మాత్రం అది విచారణ అయిపోతుంది. అందుకే వారం ఎడం.

ఉద్యోగాల మాట వచ్చినప్పుడు "ఏం కాదు, కంగారు పడకండి" అనే హక్కు మీకు లేదు, ఆ నిర్ణయం మీ చేతిలో లేదు కాబట్టి. తెలిసింది, తెలియనిది, తెలిసే తేదీ, ఈ మూడూ చెప్పి ఊరుకోండి.

మీటింగ్ ముగిసేసరికి ప్రతి ఒక్కరికీ రేపు పొద్దున వచ్చి ఏ పని మొదలుపెట్టాలో తెలిసుండాలి. చాలామంది లీడ్‌లు ఇక్కడే "త్వరలో ప్లాన్ చెబుతాం" అని లేచిపోతారు. మీరు పేర్లు, తేదీలతో వెళ్లండి. కొత్త ఫీచర్ల పని ఈరోజుతో ఆగుతుందా, క్లయింట్ ఒప్పుకున్నవి పూర్తి చేయాలా? పెండింగ్ టికెట్ల జాబితా ఒకరు ఎల్లుండికి తయారు చేస్తారు. కొత్త వెండర్‌కి అప్పగించాల్సిన డాక్యుమెంట్లు ఇద్దరు మొదలుపెడతారు, నెలాఖరుకి మొదటి డ్రాఫ్ట్. క్లయింట్ డేటా తిరిగివ్వడం, మన దగ్గరి కాపీలు తీసేయడం, యాక్సెస్‌లు మూసేయడం కాంట్రాక్ట్‌లో ఎలా ఉందో చూసి ఒకరు బాధ్యత తీసుకుంటారు. ఔటేజీలో ఉన్న కుర్రాడికి కూడా అందరిలాగే ఒక అసలైన పని ఇవ్వండి. అతన్ని పక్కన పెడితే, మీరు నోటితో అనని నింద మీ చేత్తో వేసినట్టే.

అరగంటలోపు ముగించి, చెప్పిందంతా అదే రోజు మెయిల్‌లో పెట్టండి. అంత కంగారులో సగమే చెవికెక్కుతుంది. రెండు రోజుల్లో ఆ ఏడుగురితోనూ విడివిడిగా పది నిమిషాలు మాట్లాడండి. అప్పుడు ఒక్కటి గమనించండి. మనుషులు పని గురించి అడుగుతున్నారా, లేక పాత మెయిళ్లు తవ్వి "నేను అప్పుడే చెప్పాను" అని చూపిస్తున్నారా? రెండోది కనిపిస్తే, నింద మీ వెనక తిరుగుతోందన్నమాట. పోస్ట్‌మార్టమ్‌ని అనుకున్నదానికంటే ఒకట్రెండు రోజులు ముందే పెట్టేయండి.

18వ తేదీకి నిర్ణయం రాకపోవచ్చు. రాకపోతే ఆ రోజు పొద్దున, ఎవరూ అడగకముందే మీరే చెప్పండి: ఇంకా తేలలేదు, ఎందుకు తేలలేదో ఇది, కొత్త తేదీ ఇది.