నా డబ్బే నాకు అప్పా? షాపు లెక్క రెండుసార్లు ఎందుకు రాస్తారంటే

ప్రశ్న: సార్, కల్వకుర్తిల బోరు మోటార్ల స్పేర్ పార్టుల షాపు పెట్టిన. లెక్కలు చూసే అకౌంటెంట్ ప్రతి ఒక్కటి రెండుసార్లు రాస్తుండు. నేను పెట్టిన 4 లక్షలను అప్పుల పక్కన చూపించిండు. నా డబ్బు నాకే అప్పు ఎట్లయితది? ఒకటే లెక్కను రెండుసార్లు రాస్తే డబుల్ కాదా? నాకు కామర్స్ రాదు, మామూలుగా చెప్పండి.

జవాబు: మీ అకౌంటెంట్ తప్పేం రాయలేదు. లెక్కల పుస్తకం మీది కాదు, షాపుది. అకౌంటింగ్‌లో షాపును మీ నుంచి వేరే మనిషిలా చూస్తారు. ఆ మనిషి చేతిలో 4 లక్షలు ఉన్నాయి, అవి ఎవరివి? మీవి. అంటే షాపు ఎప్పటికైనా మీకు తిరిగి చూపించాల్సిన డబ్బు అది. అందుకే బ్యాంకు అప్పు ఉండే వైపే మీ పెట్టుబడీ ఉంటుంది, కాకపోతే దానికి వాయిదాలు, వడ్డీ ఉండవు కాబట్టి మూలధనం అని వేరే పేరు పెట్టారు.

ఇక రెండుసార్లు రాయడం సంగతి. షాపులో ఉన్న ప్రతి రూపాయికీ రెండు ప్రశ్నలుంటాయి: అది ఇప్పుడు ఏ రూపంలో ఉంది, అది ఎవరి సొమ్ము. మొదటి దానికి జవాబు ఎడమ పక్కన, రెండో దానికి కుడి పక్కన వస్తుంది.

ఆస్తులు = అప్పులు + మూలధనం

ఒకే రూపాయి గురించి రెండు జవాబులు రాస్తున్నాం తప్ప రూపాయిని రెండు చేయడం లేదు. లెక్క వేసి చూద్దాం, మీ 4 లక్షలు తప్ప మిగతా అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి, జీఎస్టీని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నా.

మీరు 4 లక్షలు పెట్టారు: ఎడమ పక్కన నగదు 4,00,000, కుడి పక్కన మూలధనం 4,00,000. బ్యాంకు 2 లక్షల లోన్ ఇచ్చింది, నగదు 6,00,000 అయింది, కుడి పక్కన 2,00,000 అప్పు చేరింది. లోన్ డబ్బు గల్లాలో పడగానే అది ఆదాయం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ఇక్కడ చూడండి, మూలధనం కదలనే లేదు. అప్పు తెచ్చుకున్నందుకు మీరేమీ ధనవంతులు కాలేదు.

తర్వాత ర్యాకులు, కౌంటర్ 80,000 పెట్టి చేయించారు. నగదు 5,20,000కి తగ్గింది, ఫర్నిచర్ 80,000 వచ్చింది. రెండూ ఎడమ పక్కనే జరిగాయి, కుడి వైపు ఎవరికీ ఏమీ మారలేదు, మొత్తం అదే 6 లక్షలు. రెండు మార్పులంటే ఎప్పుడూ చెరో వైపే ఉండాలని లేదు, కానీ చివరికి రెండు వైపులా మొత్తం సమానంగా తేలాలి.

రాణిగంజ్ వెళ్లి 3 లక్షల సరుకు తెచ్చారు, 2 లక్షలు చేతికిచ్చి లక్ష బాకీ పెట్టారు. ఇప్పుడు నగదు 3,20,000, ఫర్నిచర్ 80,000, సరుకు 3,00,000, అంటే ఎడమ పక్కన 7 లక్షలు. కుడి పక్కన బ్యాంకు 2 లక్షలు, రాణిగంజ్ డీలర్ లక్ష, మీవి 4 లక్షలు. అదీ 7 లక్షలే.

అసలు విషయం ఉద్దెర దగ్గర మొదలవుతుంది. ఒక రైతు వచ్చి స్టార్టర్, కేబుల్ అన్నీ కలిపి 11,000 సామాను తీసుకున్నాడు, "పత్తి అమ్మినంక ఇస్తా" అన్నాడు. ఆ సామాను మీకు పడింది 8,000కి. గల్లాలోకి రూపాయి రాలేదు కాబట్టి మామూలు నోటుబుక్కులో ఆ రోజు సున్నా. కానీ రెండు వైపులా రాస్తే సరుకు 2,92,000కి తగ్గుతుంది, రైతు నుంచి రావాల్సిన 11,000 ఆస్తిగా చేరుతుంది, ఎడమ పక్కన 3,000 పెరిగింది. ఆ 3,000 ఎవరిది? బ్యాంకుది కాదు, డీలర్‌ది కాదు. మీదే. మూలధనం 4,03,000 అవుతుంది. లాభం అంటే ఇదే, చేతికి డబ్బు రాకముందే పుట్టింది. "అమ్మకాలు బాగున్నాయి సార్, గల్లాలో పైసల్లేవు" అని అడిగేవాళ్లందరికీ జవాబు సాధారణంగా ఈ ఒక్క లైన్‌లోనే దొరుకుతుంది.

పత్తి డబ్బులొచ్చి రైతు 11,000 కట్టాడనుకోండి. నగదు 3,31,000, రైతు బాకీ సున్నా, మూలధనం అదే 4,03,000. ఒక్క పద్దు రాసేవాళ్లలో కొందరు సామాను ఇచ్చిన రోజు ఒకసారి, డబ్బు వచ్చిన రోజు ఇంకోసారి అమ్మకం కింద రాసేస్తారు. మీరు డబుల్ అవుతుందేమోనని భయపడ్డారు కదా, నిజంగా డబుల్ అయ్యేది అక్కడే.

ఇంకో రెండు చూసి ఆపుదాం. ఇంటి ఖర్చుకు 10,000 తీశారు: నగదు తగ్గింది, మూలధనం 3,93,000 అయింది, ఇది షాపు ఖర్చు కాదు, మీ వాటాలోంచి మీరు తీసుకున్నది. బ్యాంకుకు 6,000 కిస్తీ కట్టారు, అందులో 2,000 వడ్డీ అనుకుందాం. అసలు 4,000 అప్పును 1,96,000కి తగ్గిస్తుంది, వడ్డీ 2,000 మాత్రం ఖర్చు కాబట్టి మీ వాటానే 3,91,000కి తగ్గిస్తుంది. మొత్తం కిస్తీని ఖర్చు కింద రాసేసి నష్టం వచ్చిందని టెన్షన్ పడొద్దు. ఇప్పుడు కూడి చూడండి: నగదు 3,15,000, ఫర్నిచర్ 80,000, సరుకు 2,92,000, మొత్తం 6,87,000. కుడి పక్కన 1,96,000, లక్ష, 3,91,000. అదీ 6,87,000.

డెబిట్, క్రెడిట్ అనే మాటలకు భయపడకండి. ఆస్తి పెరిగితే డెబిట్, అప్పు గానీ మూలధనం గానీ పెరిగితే క్రెడిట్, తగ్గితే తలకిందులు. మీరు డబ్బు వేస్తే బ్యాంకు మెసేజ్‌లో "క్రెడిట్" అని వస్తుంది కదా, అది బ్యాంకు పుస్తకంలోంచి మాట్లాడుతోంది, మీ డబ్బు వాళ్లకు అప్పు. అదే డబ్బు మీ షాపు పుస్తకంలో డెబిట్. ఈ పద్ధతిని వెనిస్ వ్యాపారులు ముందే వాడేవారు, లూకా పాచోలీ అనే గణిత పండితుడు 1494లో అచ్చు వేయించాడు, అప్పటి నుంచీ మొదలుపెట్టేవాళ్లంతా తడబడేది ఇక్కడేనని నా నమ్మకం.

రెండు వైపులా రాయడంలో ఇంకో లాభం తప్పు పట్టుకోవడం. నెలాఖరుకు అంకణా, అదే ట్రయల్ బ్యాలెన్స్, తీసినప్పుడు తేడా వస్తే ఆ తేడాను 9తో భాగించి చూడండి. శేషం లేకుండా పోతే ఎక్కడో అంకెలు అటూ ఇటూ అయి ఉండొచ్చు, 5,400 అనేది ఒకచోట 4,500 అయితే తేడా 900. లేదంటే తేడాలో సగం ఎంతో చూసి ఆ మొత్తం ఉన్న పద్దు వెతకండి, 5,000 రాయాల్సిన వైపు కాకుండా రెండో వైపు పడితే తేడా 10,000 వస్తుంది.

అయితే టాలీ అయిందంటే అంతా సరిగ్గా ఉందని కాదు. ఇంటికి కొన్న ఫ్రిజ్‌ను షాపు ఫర్నిచర్‌లో రాసినా టాలీ అవుతుంది. ఉద్దెర ఇచ్చి అసలు రాయడమే మరిచిపోయినా రెండు వైపులా సమానంగానే కనిపిస్తుంది. వీటిని పుస్తకం పట్టుకోలేదు. గల్లా లెక్కపెట్టాలి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చాలి, ర్యాకుల్లో సరుకు చేత్తో ఎంచాలి. పుస్తకంలో 2,92,000 సరుకు ఉండి ర్యాకుల్లో 2,80,000 మాత్రమే కనిపిస్తే, ఆ 12,000 సామాను ఏ రైతుకు పోయిందో అకౌంటెంట్‌ను కాదు, కౌంటర్‌లో కూర్చునే అబ్బాయిని అడగండి.